పది అడుగుల దూరం నుంచి 8కె టీవీ

ప్రశ్న: అన్నా, మాది నెల్లూరు, మాగుంట లేఅవుట్. హాల్లో సోఫాకీ టీవీ పెట్టే గోడకీ మధ్య పది అడుగులుంది. షాపులో 65 అంగుళాల 8కె టీవీ చూశాం, బొమ్మ అద్దంలో చూసినట్టుంది. అక్కడే 75 అంగుళాల 4కె టీవీ దానికంటే బాగా తక్కువకి ఇస్తామంటున్నారు. ఇంట్లో డీటీహెచ్, ఓటీటీ సినిమాలు, క్రికెట్ చూస్తాం. పదేళ్లు వాడుకునే వస్తువు కదా, 8కెకే వెళ్లమంటారా?

జవాబు:

వద్దండీ. 75 అంగుళాల 4కె తీసుకోండి. ఒంగోల్లో డబ్బా టీవీల కాలం నుంచి టీవీలు బాగుచేస్తూ, గోడలకి బిగిస్తూ ఇరవై ఏళ్లు దాటింది. అయినా నా మాట మీద నమ్మకంతో కొనొద్దు. ముందు ఒక చిన్న పరీక్ష చేయండి, పైసా ఖర్చు లేదు.

పిల్లల జామెట్రీ బాక్సులో తెల్ల ప్లాస్టిక్ మీద నల్ల గీతలుండే స్కేలు ఉంటే తీసుకోండి. టీవీ పెట్టబోయే చోట, కూర్చున్నప్పుడు కళ్లకి ఎదురుగా వచ్చే ఎత్తులో, గోడకి టేపుతో అంటించండి. హాల్లో లైటు వేసి, దగ్గర నిలబడి మిల్లీమీటరు గీతల్ని చూడండి. ఒక్కో అడుగూ వెనక్కి వేయండి. ఐదున్నర, ఆరు అడుగులు వచ్చేసరికి ఆ సన్న గీతలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి బూడిదరంగు పట్టీలా కనిపిస్తాయి. చూపు చాలా చురుగ్గా ఉన్న పిల్లలకైతే ఇంకో అడుగో రెండడుగులో వెనక్కి వెళ్లాక కలుస్తాయి. కళ్లజోడు ఉన్నవాళ్లు పెట్టుకునే చూడాలి. ఇక సోఫాలో కూర్చుని చూస్తే సెంటీమీటరు గీతలు తెలుస్తాయేమోగానీ, మిల్లీమీటరు గీతలు ఉన్నాయన్న సంగతే తెలియదు.

ఇప్పుడు టీవీ సంగతి చూద్దాం. 75 అంగుళాల టీవీ తెర వెడల్పు 166 సెంటీమీటర్లు. 4కె అంటే ఆ వెడల్పులో 3840 చుక్కలు. భాగించి చూస్తే ఒక్కో చుక్క 0.43 మిల్లీమీటర్లు. అంటే రెండు చుక్కలు పక్కపక్కన పెట్టినా స్కేలు మీద ఒక్క మిల్లీమీటరు గడి నిండదు. సోఫాలోంచి మీకు కనపడని ఆ గడి కంటే ఈ చుక్కలు ఇంకా సన్నవి. 8కె చేసే పనల్లా ఆ కనపడని చుక్కనే నిలువునా, అడ్డంగా కోసి నాలుగు ముక్కలు చేయడం. మీరు చూసిన 65 అంగుళాల 8కెలో ఒక్కో చుక్క 0.19 మిల్లీమీటర్లే.

కంటి డాక్టరు గోడమీద అక్షరాలు చదివించి 6/6 అంటారు కదా, దాని వెనకా ఇదే లెక్క ఉంది. ఒక డిగ్రీ కోణాన్ని 60 భాగాలు చేస్తే, అందులో ఒక్క భాగమంత సన్నని వివరాన్ని విడదీసి చూడగలిగిన కన్నుకి 6/6 ఇస్తారు. పది అడుగుల దూరంలో ఆ ఒక్క భాగం 0.9 మిల్లీమీటర్లకు కాస్త తక్కువ. 75 అంగుళాల ఫుల్ హెచ్‌డీ టీవీలో చుక్క 0.86 మిల్లీమీటర్లు. అంటే మీ సోఫా దగ్గర మామూలు కంటికి ఫుల్ హెచ్‌డీయే దాదాపు సరిపోతోంది. 4కెతో దానికి రెట్టింపు సన్నదనం చేతిలో ఉన్నట్టే.

ఎవరింట్లో వాళ్లు వేసుకోవడానికి నేను కస్టమర్లకి చెప్పే లెక్క ఇది:

```
4కె : టీవీ అంగుళాలు ÷ 15 = అడుగులు
8కె : టీవీ అంగుళాలు ÷ 30 = అడుగులు
```

వచ్చిన దూరం కంటే వెనక కూర్చుంటే 6/6 కంటికి చుక్కలు విడివిడిగా కనపడవు. 75 అంగుళాల 4కెకి ఐదు అడుగులు వచ్చింది, మీరు పదిలో కూర్చుంటున్నారు. దీన్నే తిప్పి చూడండి. పది అడుగుల దగ్గర 4కె చాలక 8కె కావాలంటే టీవీ 150 అంగుళాలు దాటాలి. మనిళ్లల్లో ఏ గోడకీ అంత పెద్దది పట్టదు.

కొందరి చూపు 6/6 కంటే చురుగ్గా ఉంటుందన్నదీ నిజమే. కేంబ్రిడ్జ్ యూనివర్సిటీ, మెటా పరిశోధకులు కలిసి 2025లో వెలువరించిన కొలతల్లో మన కన్ను నలుపు తెలుపు వివరాల్ని డిగ్రీకి సగటున 94 చుక్కల దాకా విడదీయగలదని తేలింది. పాత లెక్కలో 60 అనుకునేవాళ్లం. ఆ కొత్త లెక్క ప్రకారం పైన వచ్చిన దూరాన్ని ఒకటిన్నర రెట్లు చేయండి. 75 అంగుళాల 4కెకి ఏడున్నర అడుగులు అవుతుంది. మీ పది అడుగులు దానికీ అవతలే ఉన్నాయి. అదే కొలతల్లో రంగుల తేడాలు, ముఖ్యంగా పసుపు–ఊదా తేడాలు, కంటికి ఇంకా తక్కువగానే అందుతాయని వచ్చింది.

మరి షాపులో అద్దంలా ఎందుకు కనిపించింది? అక్కడ ఎంత దూరంలో నిలబడ్డారో ఒకసారి గుర్తు చేసుకోండి. రెండడుగులో, మూడడుగులో ఉంటుంది. 65 అంగుళాల 4కెలో చుక్కలు నాలుగడుగుల్లోపు తెలియడం మొదలవుతాయి, కాబట్టి అంత దగ్గర్లో 8కె తేడా నిజంగానే కనిపిస్తుంది. మీ కన్ను మిమ్మల్ని మోసం చేయలేదు. పైగా అక్కడ వేసేది ఆ టీవీ కోసమే తీసిన వీడియో. పూలరేకుల మీద నీటిబొట్లు, రాత్రిపూట నగరం దీపాలు, కెమెరా మెల్లగా కదలడం, వెలుగు పూర్తిగా పెంచిన పిక్చర్ మోడ్. ఆ వీడియో మీ ఇంటికి రాదు, ఆ దూరంలో మీరు కూర్చోరు.

ఒక ఇంట్లో చేసి చూసిందే చెబుతాను. 2023లో కావలి దగ్గర రొయ్యల చెరువులున్న ఒక పెద్దాయన 75 అంగుళాల 8కె తెప్పించుకుని బిగించమని పిలిచారు. హాలు పెద్దది, సోఫా పదకొండు అడుగుల దూరం. బిగించాక వాళ్లబ్బాయి తేడా చూపించమన్నాడు. యూట్యూబ్‌లో 8కె ఉన్న ఒక వీడియో పెట్టాం, పాత కోట గోడలూ చెట్లూ ఉన్నది. క్వాలిటీలో ఒకసారి 4కె అయిన `2160p`, ఒకసారి 8కె అయిన `4320p` పెట్టి, ఏది పెట్టానో చెప్పకుండా ఏది బాగుందని అడిగాను. సెట్టింగుల్లో `Stats for nerds` తెరిస్తే `Current / Optimal Res` అన్న వరుసలో అసలు ఏది నడుస్తోందో అంకెల్లో వస్తుంది. నిజంగా 8కె వస్తుంటే `7680x4320` అని ఉండాలి. క్వాలిటీ మార్చాక ఆ అంకె మారేదాకా ఆగి, ఆ పెట్టె మూసేసి అప్పుడు అడిగేవాణ్ని. ఈ వరుస చూడకుండా చేసే పోలిక దేనికీ పనికిరాదు, ఎందుకంటే నెట్ కాస్త తగ్గితే టీవీ చెప్పకుండా కిందికి దిగిపోతుంది.

సోఫాలోంచి ఇంట్లో నలుగురూ చెరో ఐదారుసార్లు చెప్పారు. బొమ్మాబొరుసా వేసినట్టే వచ్చాయి జవాబులు. వాళ్లబ్బాయిని లేపి టీవీకి మూడడుగుల్లో నిలబెడితే మాత్రం కోటగోడ ఇటుకల మధ్య సున్నం గీతలు చూసి ప్రతిసారీ సరిగ్గా చెప్పాడు. తర్వాత పెద్దాయన రోజూ చూసే వార్తల ఛానెల్ పెట్టాం. పాత 43 అంగుళాల టీవీలో గుర్తుపట్టని మసక ఇప్పుడు ఇంత పెద్దగా కనిపించింది. కింద నడిచే అక్షరాల అంచుల చుట్టూ దోమలు ముసిరినట్టు చుక్కలు. ఆయన కాసేపు చూసి, "అబ్బయా, మరి నేను కట్టిన డబ్బు దేనికి పోయినట్టు?" అన్నారు. నాకు బాధేసింది. పెట్టె విప్పకముందే నన్ను అడిగి ఉంటే ఈ మాటే చెప్పేవాణ్ని.

పెద్ద ఎత్తున చేసిన పరీక్షలోనూ ఇంచుమించు ఇదే తేలింది. 2020లో వార్నర్ బ్రదర్స్ ఇంకొందరితో కలిసి 139 మందికి 88 అంగుళాల 8కె టీవీ మీద ఒకే దృశ్యాన్ని 4కెలో, 8కెలో చూపించింది. ఏది ఏదో చూసేవాళ్లకీ తెలియదు, చూపించేవాళ్లకీ తెలియదు. ముందు వరస ఐదడుగుల్లో, వెనక వరస తొమ్మిదడుగుల్లో కూర్చుంది. ఎక్కువమంది రెండూ ఒకటేలా ఉన్నాయన్నారు. ముందు వరసలో, చూపు చాలా బాగున్న కొందరికి కొన్ని దృశ్యాల్లో మాత్రం కాస్త తేడా తెలిసింది. అది కూడా అసలు సిసలు 8కె దృశ్యాలు వేస్తేనే.

ఆ అసలు సిసలు 8కె మన ఇంటికి ఎక్కడి నుంచి వస్తుందన్నది రెండో సంగతి. డీటీహెచ్‌లో హెచ్‌డీ ఛానెల్ అంటే 1920 అడ్డం, 1080 నిలువు. మొత్తం ఇరవై లక్షల చుక్కలు, కాస్త అటూఇటూ. 8కె తెర మీద ఉన్నవి మూడు కోట్ల ముప్పై లక్షలు. ప్రతి 16 చుక్కల్లో ఒక్కటే ఛానెల్ పంపింది, మిగతా 15 పక్కవాటిని చూసి టీవీలోని చిప్ ఊహించి నింపేవి. క్రికెట్‌లో బంతి కుట్టు కెమెరాకి దొరక్కపోతే, ఎంత మంచి చిప్ అయినా దాన్ని పుట్టించలేదు. అంచుల్ని పదునుపెట్టి నునుపు చేయగలదు, అంతే. ఆ పని 4కె టీవీల్లోని చిప్‌లూ చేస్తాయి. వాటికి 16 చుక్కలకు బదులు నాలుగింటికి ఒకటి దొరుకుతుంది.

ఓటీటీల్లో సినిమాలకి పై మెట్టు 4కెయే. డిస్కుల్లో పెద్దదైన అల్ట్రా హెచ్‌డీ బ్లూరే కూడా 4కెయే. థియేటర్లకి వెళ్లే డిజిటల్ ప్రింట్లకి కూడా 2కె, 4కె అని రెండే కొలతలు. మన పాత నెల్లూరు జిల్లా సూళ్లూరుపేటలో 2019లో తెరిచిన పెద్ద తెర థియేటర్ మీకు తెలిసే ఉంటుంది, వంద అడుగుల వెడల్పు తెర. అక్కడ వేసేది 4కెయే. ఆ తెర మీద ఒక్కో చుక్క ఏడు మిల్లీమీటర్ల పైనే ఉంటుంది. అయినా మధ్య వరసల్లో కూర్చుని చూసినవాళ్లెవరూ బొమ్మ చాల్లేదనరు. అంత పెద్ద తెరకి సరిపోయింది మన హాల్లో గోడకి చాలదా?

8కె ప్రసారం ప్రపంచంలో లేదని కాదు. జపాన్ ప్రజా ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కె 2018 డిసెంబరు 1న శాటిలైట్‌లో 8కె ఛానెల్ మొదలుపెట్టింది. దాన్ని చూసి అందరూ వెంట వస్తారని అప్పట్లో మా వ్యాపారంలో అనుకున్నాం, రాలేదు. కారణం బరువు. 4కె సినిమాకి సెకనుకు 15 మెగాబిట్లు నెట్ ఉండాలని నెట్‌ఫ్లిక్స్ చెబుతుంది. ఆ జపాన్ ఛానెల్‌కి 80కి పైనే కావాలి. గంటకు 36 జీబీ పైమాటే. అంత మోసి పంపాక సోఫాలో కూర్చున్నవాళ్లకి తేడా తెలియకపోతే ఎవరు పంపుతారు? తయారీదారులూ మెల్లగా వెనక్కి తగ్గుతున్నారు. సోనీ 2025లో 8కె టీవీలు ఆపేసింది.

మిగిలింది యూట్యూబ్ వీడియోలు, మీ సొంత ఫోటోలు. నిజానికి ఇంట్లో ఉండే అసలైన 8కె సరుకు ఫోటోలే. మంచి కెమెరాతో తీసిన పెళ్లి ఫోటోని 8కె తెర మీద వేసి, రెండడుగుల్లో నిలబడి చూస్తే పట్టుచీర జరీ పోగులు లెక్కపెట్టొచ్చు. ఆ అందాన్ని నేను కాదనను. డిజైన్ పనికో, ప్లాన్లు గీయడానికో పెద్ద తెరని బల్లమీద పెట్టుకుని మూడడుగుల్లో కూర్చునేవాళ్లకి 8కె అక్కరకొస్తుంది. మీరు రాసినదాంట్లో అలాంటి పనేమీ లేదు.

"పదేళ్లు వాడుకుంటాం" అన్న మాట దగ్గర కాస్త ఆగుదాం, ఎందుకంటే ఎక్కువమంది డబ్బు పెట్టేది ఆ మాట మీదే. 4కె కొత్తగా వచ్చిన 2013, 2014 రోజుల్లో ఇదే ఆలోచనతో చాలామంది ముందే కొన్నారు. ఓటీటీల్లో 4కె వచ్చేసరికి ఆ టీవీల్లో చాలావాటికి చుక్కలున్నాయిగానీ, ఆ సినిమాల్ని విప్పే చిప్ లేదు, కాపీ రక్షణ తాళం కొత్తది, పోర్టు పాతది. వెలుగు చీకట్ల తేడాని బాగా చూపించే హెచ్‌డీఆర్ అన్నదే లేదు. చివరికి హెచ్‌డీ బొమ్మే చూశారు. 8కెలోనూ అదే జరిగింది. యూట్యూబ్ 8కె వీడియోల్ని ఏవీ1 అనే పద్ధతిలో కుదించి పంపుతుంది, మొదట్లో వచ్చిన 8కె టీవీల్లో కొన్నింటికి దాన్ని విప్పడం రాదు. రేపు మన దేశంలో 8కె ఏ రూపంలో వస్తుందో తెలియకుండా ఇవాళ చుక్కలు కొనిపెట్టుకుంటే, తాళంచెవి లేని బీరువా కొన్నట్టవుతుంది.

ఇంకో ఇబ్బంది కరెంటు. ఎల్‌సీడీ తెరలో ప్రతి చుక్కకీ పక్కన చిన్న స్విచ్, సన్న తీగలు ఉంటాయి, అవి వెలుగుని అడ్డుకుంటాయి. చుక్క చిన్నదయ్యేకొద్దీ తీగలు అంతే సన్నబడవు, కాబట్టి వెలుగు బయటికొచ్చే కిటికీ ఇరుకవుతుంది. అంతే వెలుగు రావాలంటే వెనక లైట్లు ఎక్కువ మండాలి. ఎక్కువ కరెంటు, ఎక్కువ వేడి. నెల్లూరు మే నెల ఎండలో ఆ వేడి టీవీ లోపలి బోర్డులకి మంచిది కాదు.

ఇక మీరు కొనబోయే 75 అంగుళాల 4కెలో ఏం చూడాలో చెబుతాను, మీ డబ్బు నిజంగా పని చేసేది అక్కడే. పది అడుగుల నుంచి కంటికి తెలిసేవి పరిమాణం, వెలుగు, నలుపు ఎంత నల్లగా ఉంది అన్నవే. 65 నుంచి 75కి వెళ్తే తెర విస్తీర్ణం మూడో వంతు పెరుగుతుంది, అది ఇంటికొచ్చిన చుట్టాలకి కూడా తెలుస్తుంది. వెనక లైట్లు గళ్లుగళ్లుగా విడిగా ఆరి వెలిగే రకం తీసుకోండి. మినీ ఎల్‌ఈడీ అని అమ్మేవి ఎక్కువగా అలాంటివే. అయినా ఆ గళ్లు ఎన్ని ఉన్నాయో అడగాలి.

షాపుకి వెళ్లేటప్పుడు మీకు తెలిసిన సినిమాలో ఒక రాత్రి సీను, ఒక క్రికెట్ ముక్క పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లండి. వాళ్ల డెమో ఆపించి, పిక్చర్ మోడ్ సినిమాకి మార్పించి, పది అడుగులు కొలిచి అక్కడ నిలబడండి. రాత్రి సీనులో తెల్లని సబ్‌టైటిల్స్ పెట్టి అక్షరాల చుట్టూ చూడండి. పొగలాంటి తెల్లని వలయం కనిపిస్తే గళ్లు చాల్లేదని అర్థం. సీను మొత్తం బూడిదరంగులో ఉంటే ఆ టీవీ వదిలేయండి. క్రికెట్‌లో కెమెరా బంతి వెంట పరిగెత్తేటప్పుడు పచ్చ మైదానం మీద నిలువు చారలు కదలకుండా నిలిచి ఉన్నాయా చూడండి. ఉంటే ఆ పీసులో తెర వెలుగు సమంగా లేదు, వేరే పీసు అడగండి. బంతి వెనక తోక సాగుతుంటే ప్యానెల్ 60 హెర్ట్జా 120 హెర్ట్జా, అంటే సెకనుకు బొమ్మ 60 సార్లు మారుతుందా 120 సార్లా అని అడగండి, 120 తీసుకోండి. అట్టపెట్టె మీద పెద్ద అక్షరాల్లో రాసిన మోషన్ నంబర్లు పట్టించుకోవద్దు, ప్యానెల్ సంగతే అడగాలి.

ఇంటికొచ్చాక డీటీహెచ్ బాక్సు సెట్టింగుల్లోకి వెళ్లి అవుట్‌పుట్ ఎంత ఉందో చూసుకోండి. చాలా ఇళ్లలో పాత టీవీకి పెట్టిన తక్కువ సెట్టింగే అలాగే ఉండిపోతుంది. బాక్సుకీ టీవీకీ మధ్య ఎరుపు తెలుపు పసుపు పిన్నుల పాత వైరు ఉంటే తీసేసి హెచ్‌డీఎంఐ పెట్టండి. రోజూ చూసే ఛానెళ్లకి హెచ్‌డీ ప్యాకే వేయించండి. ఈ మూడింటితో కనిపించే తేడా మీ సోఫాలోంచి 4కెకీ 8కెకీ మధ్య కనిపించేదానికంటే ఎన్నో రెట్లు ఎక్కువ.

బిగించేటప్పుడు తెర మధ్యభాగం మీరు సోఫాలో కూర్చున్నప్పటి కంటి ఎత్తుకే రావాలి, నేల నుంచి మూడున్నర అడుగుల చుట్టుపక్కల. మనవాళ్లు దేవుడి పటంలా పైకి పెట్టిస్తారు, దాంతో మెడ నొప్పి వస్తుంది, ఎల్‌సీడీలో నలుపు కూడా తేలిపోతుంది. టీవీ వెడల్పు ఐదున్నర అడుగులు, అట్టపెట్టె ఇంకా పెద్దది. మీది పై అంతస్తయితే మెట్ల మలుపు కొలిచాకే ఆర్డరు ఇవ్వండి. ఎక్కించేటప్పుడు పెట్టెని నిలువుగానే పట్టుకోమని చెప్పండి, పడుకోబెట్టి మోస్తే అంత పెద్ద గాజు తెర మధ్యలో వంగి చిట్లుతుంది.